ఉయ్యూరు దారిలో చెరకు రసం బండి

చెరకు రసం బండిలో అసలు పని ఇనుప రోలర్లది. వాటి మధ్య నుంచి పిప్పిగా వచ్చిన గడను మడిచి, లోపల నిమ్మచెక్క, అల్లం ముక్క పెట్టి మళ్లీ రెండు మూడుసార్లు తోస్తారు. కృష్ణా జిల్లాలో చెరకు పండే ఉయ్యూరు వైపు, మే నెల మధ్యాహ్నం ఒక బండి దగ్గర ఆగి చూసినప్పుడు మొదట కనబడినది రసం కాదు, రోలర్ల గాడుల్లో ఎండిన పాత రసం. దాని మీద ఈగలు. "పొద్దున ఒకసారి, రాత్రి కట్టేసేటప్పుడు ఒకసారి కడుగుతామండీ" అన్నాడు బండివాడు. మధ్యలో గడిచేవన్నీ ఎండ గంటలే; తీపి తడి మీద క్రిములు పెరగడానికి ఆ వ్యవధి చాలు. నిమ్మరసం వాటిని చంపలేదు.

అంతకంటే అనుమానించవలసింది ఐసును. గోనెసంచి కప్పిన గడ్డను నేల మీదే పగలగొట్టారు. గడ్డకట్టినంత మాత్రాన నీటిలోని హెపటైటిస్ వైరస్ గానీ, టైఫాయిడ్ క్రిమి గానీ నశించవు. కాబట్టి తాగాలనుకుంటే రోలర్లు కడిగించి, ఐసు లేకుండా, కళ్లముందే తీసిన రసాన్ని వెంటనే తాగాలి. బత్తాయి, పుచ్చకాయ రసాలకూ ఇదే వర్తిస్తుంది. ముందే కోసి పెట్టిన పండ్లను వదిలేయడం మేలు.

ఇక చక్కెర. 250 మిల్లీలీటర్ల గ్లాసు చెరకు రసంలో సుమారు 30 గ్రాములు, అంటే ఆరేడు చెంచాలు. పెద్దవాళ్లకు రోజంతటికీ ఇలాంటి చక్కెర 50 గ్రాములు దాటకూడదని, 25 లోపు ఉంటే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మధుమేహం ఉన్నవారికి ఒక్క గ్లాసే ఎక్కువ.

విరేచనాలప్పుడు ఈ తీపే ఎదురుతిరుగుతుంది. లీటరు ఓఆర్ఎస్‌లో గ్లూకోజు 13.5 గ్రాములు మాత్రమే. లీటరు చెరకు రసంలో చక్కెర దానికి దాదాపు తొమ్మిది రెట్లు, సోడియం మాత్రం చాలా తక్కువ. అంత తీపి పేగుల్లోకి నీటిని లాగి విరేచనాలను పెంచుతుంది. ఓఆర్ఎస్‌ను పొట్లం మీద రాసినన్ని నీళ్లలోనే, కాచి చల్లార్చినవాటిలో కలిపి, 24 గంటల్లోపు వాడాలి. అది దొరికేదాకా ఉప్పు వేసిన గంజి, ఇంట్లో చేసిన పలుచని మజ్జిగ పనికొస్తాయి.

పచ్చకామెర్లు వస్తే చెరకు రసం పట్టించడం మన ఊళ్లలో పాత అలవాటు. తిండి సహించనప్పుడు దాని నుంచి కొంత శక్తి అందుతుంది, కానీ అది కామెర్లను తగ్గించదు. పైగా హెపటైటిస్ ఎ, ఇ వచ్చేదే కలుషితమైన నీటి వల్ల, తిండి వల్ల. రోగికి బండి రసం ఇస్తే కొత్త క్రిమి చేరవచ్చు. ఇంట్లో శుభ్రంగా తీసిన కొద్దిపాటి రసం వేరే సంగతి. కొబ్బరిబోండాన్ని ఎదుటే కొట్టించుకుంటే నీళ్లు శుభ్రంగానే ఉంటాయి. అయితే అందులో పొటాషియం ఎక్కువ కనుక మూత్రపిండాల జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా తాగకూడదు.