బాగున్నామండీ, మీరు?

దూరపు చుట్టం ఎదురుపడి "బాగున్నారా?" అంటే "బాగున్నామండీ, మీరు?" అంటాం. ఆ మాట అనేముందు మోకాలి నొప్పినీ, తీరని అప్పునీ, కొడుకు ఉద్యోగం సంగతినీ కూడి తీసి లెక్క చూసుకోం. అడిగినవాళ్లు ఆ లెక్క అడగలేదని మనకి తెలుసు, మనం చెప్పలేదని వాళ్లకీ తెలుసు. దీన్ని చూపించి, మనుషుల మధ్య ఆప్యాయతలు పోయాయనీ, అన్నీ పైపై మాటలేననీ బాధపడేవాళ్లున్నారు. నాకు అలా అనిపించదు. ఆ చిన్న జవాబు ఎంత బరువు మోస్తుందో ఒక పెళ్లిలో దగ్గరగా చూశాను.

తెనాలి దగ్గర మా చిన్న మామయ్య కూతురి పెళ్లి. పెద్ద మామయ్య పందిరి ముందు నిలబడి వచ్చినవాళ్లని లోపలికి పిలుస్తున్నారు. అప్పటికి కొన్నాళ్లుగా ఆయనకి ముద్ద మింగుడు పడటం లేదు. గొట్టం వేసి చూసి, ముక్క తీసి పరీక్షకి పంపారు. రిపోర్టు ఇంకా రాలేదు. సంగతి అత్తయ్య ఒక్కరికే తెలుసు. హైదరాబాదులో ఉన్న కూతురికి ఏడో నెల, ఆమెకి చెప్పలేదు. పెళ్లి చేస్తున్న తమ్ముడికీ చెప్పలేదు. ఆ పొద్దున ఎంతమంది అడిగారో, "ఏం పెద్దబ్బాయ్, కులాసానా?" అని పెద్దవాళ్లు, "బాగున్నారా అన్నయ్యా?" అని వరసైన వాళ్లు. అందరికీ ఒకటే జవాబు: "బాగున్నానమ్మా, పిల్లలేరీ?"

ఆయన నిజం చెప్పి ఉంటే ఏమయ్యేది? ఎదురుగా ఉన్నది వరసకి పిన్ని అనుకుందాం. "ఒంట్లో అంత బాగాలేదు పిన్నీ" అన్నారంటే ఆవిడ "అయ్యో, ఏమైంది?" అనకుండా లోపలికి వెళ్లలేదు. వెళితే అంత రాతిమనిషి ఉండదు. "ఏమైంది?" అన్నాక ఈయన చెప్పకుండా ఉండలేరు. ఎప్పటినుంచి, ఏ డాక్టరు, ఏమన్నారు అని అడుగుతూ పోవాల్సిందే. వెనక మరో నలుగురు నిలబడి ఉంటారు. మొదటి బంతి లేచేసరికి మాట పందిరంతా పాకుతుంది. సాయంత్రానికి కూతురికి ఎవరో ఫోన్ చేసి "మీ నాన్నకి అలా అయిందటగా" అంటారు. కన్నకూతురు తండ్రి జబ్బు సంగతి పరాయి నోట వినడమంటే జబ్బుకి తోడు మరో గాయం. "బాగున్నానమ్మా" అన్న జవాబు ఆ గొలుసుని మొదటి లింకు దగ్గరే తెంపేసింది. "పిల్లలేరీ?" అన్న మాట పిన్నిని కూడా కాపాడింది. పెళ్లికొచ్చిన మనిషిని ఓదార్చే బాధ్యతలోకి లాగకుండా, హాయిగా లోపలికి పంపింది.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన హార్వీ శాక్స్ అనే సామాజిక శాస్త్రవేత్త సరిగ్గా ఈ సంగతినే పట్టుకున్నాడు. మామూలు మనుషుల మాటల్ని టేపుల్లో రికార్డు చేసి, ఒక్కో మాట తర్వాత ఏ మాట రాక తప్పదో గమనించడం ఆయన పని. 1975లో అచ్చయిన ఆయన వ్యాసం వాదించేది, ప్రతి మనిషీ అబద్ధం చెప్పక తప్పదని. అది నీతిబోధ కాదు, మాటల నడకలోంచి తేల్చిన విషయం. ఎలా ఉన్నావని అడిగే హక్కు మనల్ని ఎరిగిన చాలామందికి ఉంది. మన కష్టం వినాల్సినవాళ్లు మాత్రం వాళ్లలో కొద్దిమందే. కష్టం ఉందని తెలియగానే కారణం అడగడం అవతలివాళ్ల విధి అయిపోతుంది. కాబట్టి జవాబిచ్చే మనిషి ముందు తేల్చుకోవాల్సింది తనకి ఎలా ఉందని కాదు, ఈ మనిషికి ఇప్పుడు ఇక్కడ చెప్పవచ్చా అని. చెప్పకూడదనుకుంటే "బాగున్నాను" ఒక్కటే దారి. మరీ బాగుందన్నా చిక్కే. "అద్భుతంగా ఉన్నాను" అంటే "ఏంటి విశేషం?" అనే ప్రశ్న వచ్చి పడుతుంది. అందుకే అటూ ఇటూ కాని జవాబు అలవాటైంది, అది తర్వాతి ప్రశ్నకి చోటివ్వదు.

మన ఉత్తరాలు ఈ పద్ధతిని రాతలోనే పెట్టుకున్నాయి. "మేమిక్కడ క్షేమం, మీరక్కడ క్షేమమని తలుస్తాము" అని రాసి, "ఉభయకుశలోపరి" అని పెట్టి, ఆ కింది వరసలోనే "అమ్మకి పది రోజులుగా జ్వరం తగ్గడం లేదు, డబ్బు పంపగలవు" అని రాసేవారు. పైది అబద్ధమని ఎవరూ అనుకోలేదు. చదివేవాడి కన్ను ఆ వరస దాటాకే అసలు సంగతి కోసం వెతికేది. ఆ మొదటి వాక్యం క్షేమ సమాచారం కాదు, మన మధ్య సంబంధం మునుపటిలాగే ఉందన్న హామీ. ఆ హామీ లేకుండా ఉత్తరం మొదలైతే గుండె ఆగినంత పని అయ్యేది. చావుకబురు రాసిన కార్డులో కుశలప్రశ్న ఉండదు. "తండ్రి సీరియస్, వెంటనే బయల్దేరు" అన్న టెలిగ్రామ్‌లోనూ ఉండదు. 2013లో టెలిగ్రామ్ సేవ మూతపడింది గానీ ఆ పద్ధతి ఫోన్‌లోకి వచ్చి చేరింది. శాక్స్‌తో కలిసి పనిచేసిన ఇమాన్యుయెల్ షెగ్లాఫ్ ఫోన్ సంభాషణల మొదటి కొన్ని సెకన్లనే ఏళ్ల తరబడి పరిశీలించాడు. హలో, ఎవరన్నది, పలకరింపు, ఎలా ఉన్నారు అనే మెట్లు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. తొందర పని ఉన్నవాళ్లు ఆ మెట్లు దాటేసి సంగతికి వస్తారు. అర్ధరాత్రి ఫోన్ మోగి, అన్నయ్య గొంతు "బాగున్నావా" అనకుండా "ఎక్కడున్నావు?" అని అడిగితే, మిగతా మాట వినకముందే మనం లేచి కూర్చుంటాం. రోజూ అర్థం లేనట్టు కనిపించే ప్రశ్న ఎంత పని చేస్తోందో అది లేని రోజున తెలుస్తుంది.

చావు జరిగిన ఇంటికి వెళ్లినప్పుడు మనం "బాగున్నారా?" అని అడగం. తిరిగి వచ్చేటప్పుడు "వెళ్లొస్తాం" అని కూడా అనం. జవాబు చెడ్డదని ముందే తెలిసిన చోట ఆ ప్రశ్ననే మానేస్తున్నామంటే, ఆ ప్రశ్న సమాచారం కోసం పుట్టింది కాదన్నమాట. పరామర్శకి వెళ్లినవాళ్లు కాసేపు మౌనంగా కూర్చుని, ఆ తర్వాత "ఎలా జరిగింది?" అంటారు. అప్పుడు ఇంటివాళ్లు మొదటినుంచీ చెబుతారు. రాత్రి అన్నం తిన్నారు, తెల్లవారుజామున ఆయాసం వచ్చింది, ఆటో దొరకలేదు, దారిలోనే పోయారు. మరొకరు వస్తే మళ్లీ మొదటినుంచి చెబుతారు. నిజాన్ని పూర్తిగా చెప్పుకోవడానికి మన వాళ్లు వేరే చోటు, వేరే వేళ, వేరే ప్రశ్న ఉంచారు. పలకరింపు చేయాల్సిన పని వేరు, పరామర్శ చేయాల్సిన పని వేరు. ఒకదాని పని ఇంకోటి చేయడం లేదని తప్పుపట్టడం న్యాయం కాదు.

ఈ రెండూ కలగాపులగమైతే నష్టం జరిగే చోటు ఒకటుంది, డాక్టరు గది. ముసలావిడ లోపలికి రాగానే డాక్టరు ఫైలు తిరగేస్తూ "బాగున్నారా అమ్మా?" అంటాడు. అది ఆయన దృష్టిలో ప్రశ్న. ఆవిడ చెవికి అది మర్యాద. "బాగున్నాను బాబూ, నువ్వు బాగున్నావా?" అంటుంది, ఎందుకంటే ఇంటికొచ్చిన మనిషితోనైనా, తాను వెళ్లిన చోటనైనా అలా అనడమే ఆవిడకి తెలిసిన పద్ధతి. ఆ "బాగున్నాను" కాగితం మీదకి ఎక్కితే పాత మందులే మరో నెల కొనసాగుతాయి. రాత్రిళ్లు పిక్కలు పట్టేస్తున్న సంగతి గుమ్మం దాటాక కోడలికి చెబుతుంది. ఇక్కడ అడగాల్సింది వేరు: "పోయినసారి కాళ్ల తిమ్మిరి ఉందన్నారు, ఇప్పుడెలా ఉంది? రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు?" ఇలా అడిగితే మర్యాద కోసం చెప్పే జవాబుకి తావుండదు.

మా మామయ్య విషయంలోనూ జరిగింది అదే. ఆ మధ్యాహ్నం బంతిలో మా నాన్న ఆయన పక్కన కూర్చున్నారు. రాత్రి సందడి తగ్గాక వంటశాల వెనక మడత కుర్చీలు వేసుకుని కూర్చున్నప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. నాన్న "బాగున్నావా?" అనలేదు. "బూరె ముట్టుకోలేదు, పప్పుచారు పోసుకుని అన్నం పిసికి పిసికి తిన్నావు. ఏంటి బావా?" అన్నారు. మామయ్య కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంతా చెప్పారు. పొద్దుటినుంచీ అందరికీ అదే జవాబు ఇచ్చిన మనిషి ఒక్క ప్రశ్నకి లొంగిపోయారు. ఆ ప్రశ్న వెనక చూసిన కళ్లున్నాయి కాబట్టి. రిపోర్టు వచ్చాక కూతురికి ఆయనే ఎదురుగా కూర్చుని చెప్పుకున్నారు.

అడగకపోయినా కొన్ని జవాబులు తలుపు కాస్త తీసి ఉంచుతాయి. గెయిల్ జెఫర్సన్ అనే పరిశోధకురాలు రికార్డు చేసిన సంభాషణల్లో వీటిని వెతికి పట్టుకుంది. టక్కున రావాల్సిన జవాబు ఒక్క క్షణం ఆగి వస్తుంది, లేదా రోజూ కంటే ఒక మెట్టు తగ్గి వస్తుంది. "ఆ... ఏదో, ఉన్నాంలే" అనడం అలాంటిదే. కష్టమేమిటో అందులో ఉండదు, కష్టం ఉందని మాత్రం ఉంటుంది. విని ఊరుకోవచ్చు, ఆగి అడగవచ్చు, ఆ నిర్ణయం విన్నవాళ్లకి వదిలేస్తుంది. దీన్ని గుర్తుపట్టడానికి ఆ మనిషి రోజూ ఎలా అంటాడో తెలిసి ఉండాలి. అందుకే ఇది కొత్తవాళ్లకి వినబడదు, ఇంట్లోవాళ్లకి వినబడాలి.

దూరదేశాల్లో ఉండి వారానికోసారి అమ్మానాన్నలకి ఫోన్ చేసే పిల్లలకి నేను చెప్పేది ఇదే. "బాగున్నాం నాన్నా, నువ్వెలా ఉన్నావు?" అన్న జవాబుని నమ్మనూ వద్దు, అనుమానించనూ వద్దు. అది పలకరింపు, దాన్ని పలకరింపుగానే తీసుకోండి. ఆ తర్వాత రెండో ప్రశ్న అడగండి. "పొద్దున టిఫిన్ ఏం చేసుకున్నారు? మేడ మీదకి బట్టలారేయడానికి ఎవరు వెళుతున్నారు? బీపీ బిళ్ల అయిపోతే తెచ్చేదెవరు?" అని అడగండి. అడిగి, అవతల గొంతు ఆగితే మీరు మాట్లాడకండి. వాళ్లని చెప్పనివ్వండి.