సభలో ఒక్క ప్రశ్న

ఉపన్యాసం అయిపోగానే అధ్యక్షురాలు మైకు అందుకుని, "ఎవరికైనా సందేహాలుంటే అడగండమ్మా, పది నిముషాలు టైముంది" అంటుంది. అంతవరకూ గుసగుసలాడుకుంటున్న హాలు కాస్తా సద్దుమణిగిపోతుంది. కాసేపటికి ఎవరో ఒకావిడ లేచి, ఇంట్లో సంగతులన్నీ మొదలుపెట్టి అయిదు నిముషాలు మాట్లాడేస్తుంది. వక్త ఓపిగ్గా విని, "మంచి విషయం చెప్పారు, థాంక్సండీ" అంటుంది. ఆ మాట వచ్చిందంటే అడిగినావిడకు జవాబు రాలేదనే అర్థం. ఎందుకంటే ఆవిడ చెప్పినదాంట్లో ప్రశ్న ఏదో ఎవరికీ తెలియలేదు.

ఆ మధ్య మా కాలనీలో ఆడవాళ్ళంతా కలిసి రక్తహీనత మీద ఒక సెమినార్ పెట్టుకున్నాం. వచ్చిన లేడీ డాక్టరుగారు చాలా విపులంగా చెప్పారు. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనత కిందే లెక్కట. రక్తం బాగున్నవాళ్ళు కూడా నాలుగో నెల నుంచి రోజుకో ఐరన్ మాత్ర చొప్పున 180 రోజులు వేసుకోవాలట. తక్కువ ఉన్నవాళ్ళకు రోజుకు రెండు రాస్తారట. ఆ మాత్రని టీతోగానీ కాఫీతోగానీ వేసుకోకూడదని కూడా చెప్పారు.

నా పక్కన మా పక్కింటి వదినగారు కూర్చున్నారు. వాళ్ళమ్మాయికి ఆరో నెల. రెండు నెలలుగా మాత్రలు మింగుతూనే ఉన్నా రక్తం 9 దగ్గరే ఆగిపోయింది. తల్లి మనసు కదా, వదినగారు లేచి అంతా చెప్పేద్దామనే ఉన్నారు. "ఏమని అడుగుతారు?" అన్నాను మెల్లిగా.

"మా అమ్మాయికి ఆరో నెలండీ, మొదట్లో వాంతులు బాగా అయ్యాయి, ఇప్పుడు రక్తం తొమ్మిదే ఉంది, ఖర్జూరం పెడుతున్నాను, తోటకూర పెడుతున్నాను, అయినా పెరగట్లేదు, ఏం చెయ్యమంటారు అని అడుగుతాను" అన్నారావిడ.

ఇందులో ఒక్క అబద్ధం లేదు, అక్కర్లేని బాధా లేదు. కానీ ఈ ప్రశ్నకు ఏ డాక్టరైనా చెప్పగలిగింది ఒక్కటే, "ఒకసారి తీసుకొచ్చి చూపించండమ్మా" అని. మనిషిని చూడకుండా, రిపోర్టులు తిప్పకుండా సభలో మందు చెప్పడానికి వీల్లేదు. అందుకని మన ఇంటి సమస్యలో నలుగురికీ వర్తించే ముక్క ఏదో వెతుక్కుని, దాన్ని మాత్రమే అడగాలి. అలాంటి ప్రశ్నకు వక్త మొహమాటం లేకుండా జవాబు చెప్పగలదు, మన పనీ అవుతుంది.

"అమ్మాయి మాత్రలు ఎలా వేసుకుంటోంది వదినగారూ?" అని అడిగాను. పొద్దున ఒక ఎర్ర మాత్ర, రాత్రి ఒక ఎర్ర మాత్ర. మర్చిపోకుండా ఉంటుందని వాటితోపాటే కాల్షియం మాత్ర కూడా మింగేస్తోందట. డాక్టరుగారు టీ, కాఫీల సంగతి చెప్పారు గానీ, కాల్షియం ఊసే ఎత్తలేదు. అడగాల్సింది సరిగ్గా అక్కడుంది! ఆహ్వానపత్రం వెనక నాలుగు ముక్కలు రాసి ఆవిడ చేతికిచ్చాను. వదినగారు లేచి ఇలా అడిగారు.

"నమస్కారం డాక్టరుగారూ. ఐరన్ మాత్ర టీతో వేసుకోకూడదని చెప్పారు. గర్భిణులకు కాల్షియం మాత్ర కూడా ఇస్తున్నారు కదండీ. ఆ రెండూ ఒకేసారి వేసుకోవచ్చా, మధ్యలో ఎంత ఎడం ఉండాలి?"

గట్టిగా చూస్తే పావు నిముషం పట్టింది. మొదటి మాటలో వక్త చెప్పిన విషయాన్నే గుర్తుచేశారు. దాంతో డాక్టరుగారికి తన ఉపన్యాసంలో ఏ చోటు గురించో వెంటనే తెలిసింది. రెండో మాటలో చెప్పకుండా వదిలేసింది ఏమిటో చూపించారు. మూడోదే ప్రశ్న. "ఏం చెయ్యమంటారు" అంటే జవాబు ఎటైనా పోవచ్చు. "ఎంత ఎడం" అంటే ఒక లెక్క చెప్పి తీరాలి.

చెప్పారు కూడా. కాల్షియం పక్కనుంటే ఐరన్ ఒంటికి సరిగా పట్టదనీ, రెండింటికీ కనీసం రెండు గంటల ఎడం ఉండాలనీ అన్నారు. కాల్షియం అన్నంతోపాటు, ఐరన్ తిన్న రెండు గంటల తర్వాత వేసుకోమన్నారు. దానికి నిమ్మరసం కలిపిన నీళ్ళు మంచివట. టీ, కాఫీలు మాత్రకు ముందు గంట, తర్వాత గంట ముట్టుకోకూడదు. చివర్లో ఆవిడే ఇంకో మాట కలిపారు. ఇలా పద్ధతిగా నెల రోజులు వేసుకున్నా ఒక్క గ్రామైనా పెరగకపోతే కారణం ఇంకేదో ఉండొచ్చు, ఆలస్యం చెయ్యకుండా పెద్దాసుపత్రిలో చూపించమన్నారు. వదినగారు తన ఇంటి కథ ఒక్క ముక్క చెప్పకుండానే, ఆవిడకు కావలసిన జవాబు మొత్తం వచ్చేసింది.

తర్వాత లేచినావిడ ఒక్క ఊపులో మూడు ప్రశ్నలడిగింది. అలా అడిగితే వక్తకు చివరిదే గుర్తుంటుంది, లేదా అన్నిటికంటే తేలికైనదానికి జవాబు చెప్పి ఊరుకుంటుంది. ఆ రోజూ అదే జరిగింది. మూడు సందేహాలుంటే, ఇంట్లో పుస్తకం చూసినా దొరకనిది ఏదో అదే అడగాలి.

వక్త చెప్పింది మనం విన్నదానికి వ్యతిరేకంగా ఉంటే ఎలాగ? "మీరు చెప్పింది తప్పండీ" అంటే ఆవిడ తన మాట నిలబెట్టుకోవడంలో పడుతుంది. ఆ సభలోనే ఒక కొత్త కోడలు ఎంత చక్కగా అడిగిందో చూడండి. "మీరు పరగడుపున మేలన్నారు. మా ఏ.ఎన్.ఎం.గారు అన్నం తిన్నాక వేసుకోమన్నారు. కడుపులో తిప్పేవాళ్ళు ఏది పాటించాలండీ?" అంది. డాక్టరుగారు నవ్వి, "పరగడుపున ఎక్కువ పడుతుందమ్మా. కానీ వికారంతో మాత్ర మానేసేకంటే తిన్నాక వేసుకోవడమే నయం" అన్నారు. ఇద్దరి మాటా నిలబడింది, అమ్మాయి సందేహమూ తీరింది.

లేచి నిలబడ్డాక మైకు చేతికి వచ్చేదాకా ఆగండి. ఆగకపోతే వెనక వరసలకు వినపడదు, అధ్యక్షురాలు మీ ప్రశ్నను తన మాటల్లో మళ్ళీ చెప్పేసరికి అసలు విషయం మారిపోతుంది. మైకు నోటికి నాలుగు వేళ్ళ దూరంలో ఉంటే చాలు. చీటీ చూసి చదివినా ఎవరూ ఏమనుకోరు.

జవాబు వచ్చాక, దాన్ని ఒక్క ముక్కలో తిరిగి చెప్పడం మంచి అలవాటు. వదినగారు అదే చేశారు. "అయితే రెండు గంటలు ఎడమివ్వాలన్నమాట, థాంక్సండీ" అన్నారు. పొరపాటుగా విని ఉంటే అక్కడే దిద్దుతారు కదా! ఆ రోజు నుంచీ వాళ్ళింట్లో ఎర్ర మాత్ర డబ్బా ఒక అలమారులో, కాల్షియం డబ్బా భోజనాల బల్ల మీద ఉంటున్నాయి. నెల తిరిగాక పరీక్ష చేయిస్తే రక్తం 10 దాటింది.

మీ సొంత రిపోర్టులు చూపించాలనుకుంటే మాత్రం సభలో విప్పకండి. అందరూ లేచాక వక్త దగ్గరకు వెళ్ళి, ఏ రోజు ఎక్కడ చూస్తారో కనుక్కుని రండి.