పరిమితి ఎటు లాగుతోంది?

థీసిస్‌లు చదివి పెట్టమని నా దగ్గరికి తెచ్చే పిల్లల డ్రాఫ్టుల్లో నేను ముందు చివరి అధ్యాయమే తెరుస్తాను. 'పరిమితులు, భవిష్యత్ పరిశోధన' అన్న శీర్షిక కింద చాలాసార్లు ఒకే పేరా ఉంటుంది: శాంపిల్ చిన్నది, సమయం చాల్లేదు, ఒక్క ఊరికే పరిమితమయ్యాం, మున్ముందు పెద్ద శాంపిల్‌తో చెయ్యాలి. అందులో అబద్ధం లేదు. కానీ ఆ పేరాని కోసి ఇంకో థీసిస్‌లో అతికిస్తే అక్కడా సరిపోతుంది. అంటే అది ఈ పని గురించి ఏమీ చెప్పలేదన్నమాట.

అంతకంటే ఎక్కువ రాయమంటే భయపడతారు. "ఇట్ల రాస్తే మన పని మనమే తక్కువ చేసుకున్నట్టు కాదా సార్?" అని అడుగుతారు. న్యాయమైన భయమే. దానికి జవాబు ఒక ఉదాహరణతో చెప్తాను.

మా కొడిమ్యాల నుంచి వేములవాడ మీదుగా పోతే సిరిసిల్ల. అక్కడ సాంచాల మోత మధ్య రోజంతా నిలబడే నేత కార్మికుల వినికిడి మీద ఒకమ్మాయి థీసిస్ చేసిందనుకుందాం. అరవై మంది కార్మికులు, అదే ఊళ్లో అదే వయసున్న ఇతర పనుల వాళ్లు అరవై మంది. షెడ్డుకి దగ్గర్లోని ఒక గదిలో అందరికీ ఆడియోమీటర్‌తో పరీక్ష. మోత వల్ల వచ్చే చెవుడు మొదట 4000 హెర్ట్జ్ దగ్గర కనిపిస్తుంది. అక్కడ కార్మికుల వినికిడి సగటున 15 డెసిబెల్స్ తక్కువగా తేలింది. అంకెలు ఊహించినవే, చిక్కులు మాత్రం అసలైనవి.

మొదటి చిక్కు గది. తలుపులు మూసినా బయటి రొద లోపలికి వస్తుంది, అందులోనూ ఎక్కువగా మంద్రమైన శబ్దం. దాని వల్ల 500 హెర్ట్జ్ దగ్గరి కొలతలు నమ్మలేం. 4000 దగ్గర దాని ప్రభావం బాగా తక్కువ. కాబట్టి రాయాల్సింది 'పరీక్ష గది సరైనది కాదు' అని కాదు. 'తక్కువ పౌనఃపున్యాల మీద మేం ఏ నిర్ధారణా చెయ్యడం లేదు, ప్రధాన ఫలితం 4000 హెర్ట్జ్‌దే' అని.

రెండోది, ఎవరిని పరీక్షించలేదన్నది. చెవులు దెబ్బతిని, ఆరోగ్యం చెడి సాంచా పని మానేసినవాళ్లు ఆ అరవై మందిలో లేరు. తట్టుకుని నిలబడ్డవాళ్లే దొరికారు. ఈ లోపం ఫలితాన్ని తగ్గించి చూపిస్తుంది, అసలు నష్టం 15 కంటే ఎక్కువే ఉండొచ్చు. ఇలాంటి పరిమితిని దాచుకోవడమే పొరపాటు, దిశ చెప్పి రాస్తే వాదన గట్టిపడుతుంది.

మూడోదే ఇబ్బంది పెట్టేది. పరీక్షలు షిఫ్టు దిగిన వెంటనే చేశారు. గంటల తరబడి మోతలో ఉన్న చెవి కాసేపు మొద్దుబారుతుంది, విశ్రాంతి దొరికితే కొంత కోలుకుంటుంది. అందుకే ఇలాంటి పరీక్షకి ముందు కనీసం పద్నాలుగు గంటలైనా మోతకి దూరంగా ఉంచాలంటారు. ఇక్కడ లోపం మన వాదన వైపే లాగుతోంది. దీన్ని మాటలతో కప్పలేం, వాదననే కుదించాలి. 'శాశ్వత వినికిడి నష్టం' అన్న మాట తీసేసి 'షిఫ్టు తర్వాత కొలిచిన వినికిడి తగ్గుదల' అని రాయాలి. ఈ మార్పు చివరి అధ్యాయంలోనే కాదు, సారాంశంలోనూ చెయ్యాలి. ముందు పేజీలో శాశ్వతం అని చెప్పి చివర్లో మెల్లగా వెనక్కి తగ్గితే పరీక్షకుడు పట్టుకునేది అక్కడే.

పరిశీలనాత్మక అధ్యయనాల నివేదికల కోసం 2007లో వచ్చిన స్ట్రోబ్ మార్గదర్శకాలు కూడా ఇదే అడుగుతాయి: పక్షపాతం ఉందనడంతో ఆగకుండా, అది ఎటు, ఎంత లాగుతుందో చర్చించమని. మన థీసిస్‌లలో ఎక్కువగా కనిపించనిది ఈ 'ఎటు' అన్న మాటే.

భవిష్యత్ పరిశోధన ఇక విడిగా ఆలోచించాల్సిన పని కాదు, మూడో పరిమితిలోంచే పుడుతుంది. వారాంతపు సెలవు మర్నాడు, షెడ్డులోకి పోకముందే మళ్లీ పరీక్షించాలి. వీలైతే సమర్పించేలోపే ఓ పదిహేను మందికి ఆ పని చెయ్యమంటాను. వాళ్లలో తగ్గుదల సగటున 5 డెసిబెల్స్ కోలుకుందనుకోండి. పదిహేను మంది లెక్కని అరవై మందికీ ఖాయంగా అంటగట్టలేం. అయినా తేడా మొత్తం అలసటే కాదని, సుమారు 10 మిగులుతుందని జాగ్రత్తగా చెప్పొచ్చు. పని మానేసినవాళ్ల ఇళ్లకి వెళ్లి చెయ్యాల్సిన పరీక్ష రెండో ప్రతిపాదన. 'పెద్ద శాంపిల్' అన్న ప్రతిపాదన ఇక్కడ పనికిరాదు. ఆరొందల మందిని షిఫ్టు దిగగానే పరీక్షించినా ఈ తప్పు ఇలాగే ఉంటుంది.

ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకి ఇదే జవాబు. ఇంత రాశాక తగ్గింది 'శాశ్వత' అన్న ఒక్క మాట. 4000 హెర్ట్జ్ దగ్గర సాంచా కార్మికుడి చెవికి, పక్క వీధిలో కిరాణా కొట్టు నడిపే మనిషి చెవికి ఉన్న తేడా అలాగే ఉంది.