రోజుకు 1 జీబీతో డీఎస్సీ క్లాసులు

మాది కదిరి దగ్గర తండా. ఇంట్లో ఒకటే ఫోను, రోజుకు 1 జీబీ. పోయినసారి డీఎస్సీ మాక్ టెస్ట్ రాస్తుంటే సగంలో డేటా అయిపోయింది. ఆ తర్వాత మా ప్లాన్‌లో వచ్చే స్పీడు సెకనుకు 8 కేబీ. పేజీ తిరుగుతానే ఉంది, టైం అయిపోయింది.

ఆ రాత్రి సెట్టింగ్స్‌లో ఏ యాప్ ఎంత తింటోందో చూస్తే వాట్సాప్ ముందుంది. గ్రూపుల్లో పెట్టే పెళ్లి వీడియోలు వాటంతటవే దిగుతున్నాయి! Storage and data లోకి పోయి, When using mobile data కింద టిక్కులన్నీ తీసేశా. ఫేస్‌బుక్ తీసేసి లైట్ వేసుకున్నా. యూట్యూబ్ గో 2022లోనే ఆపేశారు కాబట్టి, మామూలు యూట్యూబ్‌లోనే 144p పెట్టా. గంటకు సుమారు వంద ఎంబీ లోపే. సైకాలజీ క్లాసుకు అది చాలు, చెవితో వినేదే కదా. లెక్కల క్లాసులో మాత్రం బోర్డు మీద 3, 8 ఒకేలా కనపడతాయి.

అందుకే లెక్కల క్లాసులు ఆదివారం కదిరిలో అక్క వాళ్లింటి వై-ఫైలో 360p లో డౌన్‌లోడ్ చేసుకొస్తా. మధ్యమధ్య కాసేపు నెట్ ఆన్ చేయకపోతే అవి ఆడవు. అది తెలియక మొదటి వారం బుధవారానికే అన్నీ ఆగిపోయాయి.

మొన్న టెస్ట్ అయ్యాక చూస్తే ఇంకా 400 ఎంబీ ఉంది. అమ్మ తన సీరియల్ చూసుకుంది, 144p లోనే.