కాటా చీటీ కూడా అడగండి

కొండవీడు కొండ కింద పండిన మిర్చి గుంటూరు యార్డుకు చేరి, అక్కడి నుంచి కంటైనరెక్కి సముద్రం దాటుతుంది. ఆ సరుకు కాగితాలు నా చేతికి వచ్చేది ఎక్కువగా ఫోన్లో తీసిన ఫొటోలుగానే. మడత దగ్గర అంకె చెరిగి ఉంటుంది, స్టాంపు సరిగ్గా బరువు మీదే పడి ఉంటుంది. అలాంటప్పుడు ఫొటోను పెద్దది చేసి చూడటం కన్నా లెక్క వేసి చూడటం మేలని, ఆ కాగితాల్లోని వివరాలు రాసుకునే ఈ పనిలో నేర్చుకున్నాను.

ఒక ప్యాకింగ్ లిస్టులో 560 బస్తాలున్నాయనుకోండి. ఒక్కో బస్తాలో సరుకు 25 కిలోలు, గోనెతో కలిపి 25.4. నికర బరువు 14,000 అని స్పష్టంగా ఉంది. స్థూల బరువు మాత్రం 14,224 అనాలో 14,274 అనాలో తేలదు. 560 ఖాళీ గోనెలు, ఒక్కోటి 400 గ్రాములు, మొత్తం 224 కిలోలు. కాబట్టి అది 14,224.

బిల్ ఆఫ్ లేడింగ్ తీస్తే అందులోనూ 14,224 ఉంది. రెండు కాగితాలు కలిశాయి గదా అని మొదట్లో అక్కడితో ఆగేవాళ్లం. అయితే సరుకు వివరాల దగ్గరే చిన్న అక్షరాల్లో 'షిప్పర్స్ లోడ్, స్టో అండ్ కౌంట్' అని ఉంటుంది. ఎగుమతిదారే నింపి లెక్కపెట్టాడు, మేం లెక్కపెట్టలేదు అని ఓడ కంపెనీ చెబుతోందన్నమాట. ఎగుమతిదారు ఇచ్చిన అంకెనే అక్కడ ఎక్కిస్తారు. ఒకే సాక్షి రెండుసార్లు మాట్లాడినట్టే.

రెండో సాక్షి కాటా. 2016 జులై 1 నుంచి, నింపిన కంటైనర్ బరువు ధ్రువీకరించి ఇవ్వనిదే ఓడ ఎక్కించకూడదు. కంటైనర్ తలుపు మీద ఖాళీ బరువు 3,900 అని ఉంటే, కాటా 18,124కు దగ్గరగా చూపాలి. లోపల వేసిన అట్టలు, చెక్కల వల్ల కొద్ది తేడా సహజమే. 18,500 చూపితే మాత్రం తేడా 376 కిలోలు, దాదాపు 15 బస్తాలు. అప్పుడు ఫోన్ చేసి అడగాల్సిందే. ఒక్క జాగ్రత్త: నింపిన కంటైనర్‌ను తూచకుండా, సరుకు, అట్టలు, చెక్కల బరువుకు కంటైనర్ ఖాళీ బరువు కూడి ఇచ్చే పద్ధతికీ నిబంధనలు ఒప్పుకుంటాయి. అలా వచ్చిన అంకె మళ్లీ మొదటి సాక్షి మాటే.

బరువొక్కటే కాదు, పేర్లూ నంబర్ల దగ్గరా జాగ్రత్త కావాలి. బిల్ ఆఫ్ లేడింగ్‌లో కన్సైనీ గడిలో కొన్నిసార్లు 'టు ఆర్డర్' అనో, ఫలానా బ్యాంకు ఆర్డర్‌కు అనో ఉంటుంది. కొనేవాడి పేరు దాని కింద నోటిఫై పార్టీ గడిలో కనిపిస్తుంది. ఆ పేరు తెచ్చి కన్సైనీగా రాయకండి. సరుకు ఎవరికి అప్పగించాలో మొత్తం మారిపోతుంది. ఇన్వాయిస్ నంబరును తేదీతో సహా ప్యాకింగ్ లిస్టు నుంచే తీసుకోండి. బిల్ ఆఫ్ లేడింగ్ మీద దాని పక్కనే షిప్పింగ్ బిల్లు నంబరు కూడా ఉండవచ్చు, ఒకదాని బదులు ఇంకొకటి ఎక్కడం తేలిక.

ఈ కాగితాల ఫొటోలు ఎవరైనా పంపితే, కాటా చీటీ ఫొటో, కంటైనర్ తలుపు ఫొటో కూడా పంపమని ఆ రోజే అడగండి. కంటైనర్ రేవు దాటాక ఆ తలుపు మనకు దొరకదు.