మా కోడలు రాసిన బిడ్డ గుడ్డల ప్రకటన

పోయిన వారం మన ఆడవాళ్ళ గ్రూపులో ఒక ప్రకటన వచ్చింది, మీలో కొందరు చూసే ఉంటారు. ఏడాది నిండిన బిడ్డకు పట్టని గుడ్డలు, 31, అన్నీ ఒకే కట్టగా 900 రూపాయలు. అది పెట్టింది మా కోడలే. "మనవడి గుడ్డలు అమ్ముకునే గతి మీకేమి వచ్చింది?" అని ఇద్దరు పెద్దవాళ్ళు ఫోన్ చేసి అడిగినారు. వాళ్ళకు ఫోన్‌లో సరిగా జవాబు చెప్పలేకపోయినాము. అందుకని రాస్తా ఉండాము.

మా ఇళ్ళల్లో పుట్టిన బిడ్డకు మొదట కొత్త గుడ్డ వేయరు. ఆరోగ్యంగా పెరిగిన ఇంకో బిడ్డ గుడ్డ అడిగి తెచ్చి వేస్తారు. అది ఊరికే ఇచ్చేదే గానీ అమ్మేది కాదని మేము, ముసలి మొగుడూ పెళ్ళామూ, అనుకుంటా ఉన్నాము. కోడలు ఇంకో మాట చెప్పింది. "ఊరికే ఇస్తే తీసుకునేవాళ్ళు ఏదీ అడగరు మామా. మరక ఉన్నా, బొత్తాం ఊడినా, మొగమాటానికి తీసుకుపోయి మూల పెడతారు. దుడ్డు ఇచ్చి కొంటే ఎంచి చూసుకుంటారు." మాకు అది న్యాయంగానే తోచింది.

విడివిడిగా ఎందుకు అమ్మలేదంటే, అలా పెడితే మంచి చొక్కాలు నాలుగూ మొదటి రోజే పోతాయి, బనియన్లూ సాక్సులూ మనకే మిగులుతాయి. ఒక్కొక్క దానికీ ముప్పై, నలభై రూపాయల బేరం మాట్లాడాలంటే పసిబిడ్డ తల్లికి పొద్దు చాలదు.

తెలుగు అక్షరాలు సరిచూడమని ప్రకటన మా చేతికి ఇచ్చింది. ఇంట్లో మాట్లాడేది తెలుగైనా మేము బడిలో చదివింది అరవం. తెలుగు రాయడం రిటైర్ అయినాక సంఘం క్లాసులోనే నేర్చుకున్నాము. తప్పులు మేమేమి దిద్దుతాము! ఆమె రాసింది ఇది:

"అక్కలకూ చెల్లెళ్ళకూ నమస్తే. మా వాడు దినదినానికీ పెరిగిపోతా ఉన్నాడు, బీరువాలో చోటు లేదు. పుట్టినప్పటి నుంచి తొమ్మిది నెలల దాకా వేసుకున్నవి, జబ్లాలు 9, చొక్కాలు 6, పైజామాలు 6, స్వెట్టర్లు 3, కుల్లాయిలు 3, సాక్సులు 4 జతలు. అన్నీ కలిపే ఇస్తాను. రెండు చొక్కాలకు మెడ దగ్గర లేత పసుపు మరక ఉంది, ఫోటో పెట్టినాను. మిగతావి బాగున్నాయి. కొలతలు కింద రాసినాను. ఇంటికి వచ్చి చూసుకోండి, కాఫీ తాగి పోండి."

కొలతలు ఎందుకు, లేబుల్ మీద నెలలు ఉన్నాయి కదా అన్నాము. మా మనవడు మూడు కిలోలు పుట్టి, అయిదో నెలకు ఆరు కిలోలు దాటినాడు. చాలామంది బిడ్డలు అంతే, అయిదు నెలల దరిదాపుల్లో పుట్టిన బరువుకు రెట్టింపు అవుతారు. అయినా ఆరు నెలలని లేబుల్ ఉన్న చొక్కా ఒకటి వాడికి నాలుగో నెలకే బిగిసింది, ఇంకో కంపెనీది అదే లేబులు ఎనిమిదో నెల దాకా వచ్చింది. అందుకని కోడలు చొక్కాను నేల మీద పరిచి, చంక కింద అడ్డంగా ఎంత, భుజం నుంచి అంచు దాకా ఎంత అని టేపుతో కొలిచింది. ఒకదానికి 24, 34 సెంటీమీటర్లు. కొనేవాళ్ళు తమ బిడ్డకు సరిపోయే చొక్కా ఒకటి పరిచి కొలిచి చూసుకుంటే చాలు.

మరకల సంగతి మాకు కొత్త. బిడ్డ కక్కిన పాలు ఉతికినప్పుడు పోయినట్టే కనబడతాయి. నాలుగు నెలలు మడిచి పెట్టి తీస్తే మెడ దగ్గర పసుపు తేలుతుంది. దీపం వెలుతురులో తెలియదు, పగలు కిటికీ దగ్గర పట్టి చూడాలి. అలాగే ప్రతి ప్రెస్ బటన్‌నూ గట్టిగా లాగి చూసింది. నడుము ఎలాస్టిక్ సాగదీసి వదిలింది. కరకరమని శబ్దం వచ్చి తిరిగి ముడుచుకోని పైజామాలు రెండు పక్కన పడేసింది. సాక్సులు లోపలి వైపు తిప్పి, వేలాడే దారాలన్నీ కత్తిరించింది. ఆ దారం పసిబిడ్డ కాలి వేలికి చుట్టుకుంటే రక్తం ఆడదు, బిడ్డ ఎందుకు ఏడుస్తుందో ఎవరికీ తెలియదు. కుల్లాయి మెడ కింద కట్టే తాళ్ళు కూడా తీసేసింది.

అంతా అయినాక స్వెట్టర్లు తెమ్మనింది. అక్కడ వచ్చింది చిక్కు.

ఆ మూడు స్వెట్టర్లూ, ఒక ఉన్ని కుల్లాయీ మా ఇంటావిడ చేత్తో అల్లినవి. పురుగు కొట్టకూడదని ఇనప ట్రంకులో కలరా ఉండలు వేసి భద్రం చేసినాము. అరవంలో అందురుండై అంటారు కదా, అవే. మూత తీస్తూనే ఆ వాసన హాలంతా కొట్టింది. కోడలు మొగం మారింది. కొందరు బిడ్డలకు పుట్టుకతోనే రక్తంలో జీ6పీడీ అనే పదార్థం తక్కువగా ఉంటుంది. అలాంటి బిడ్డకు ఈ ఉండల ఆవిరి తగిలితే ఎర్ర కణాలు పగిలి, కామెర్లు ముదురుతాయి. ఉండ కనబడకుండా ఆవిరై గుడ్డలో దిగుతుంది, ఉన్నిలో బాగా పట్టుకుంటుంది. నూనె రాసిన ఒంటికి ఇంకా సులభంగా ఎక్కుతుంది. మనం రోజూ నూనె రాసే బిడ్డలకే కదా వేసేది!

"ఆ మాట ప్రకటనలో రాయాలి అత్తా," అనింది. మా ఇంటావిడకు కోపం వచ్చింది. "రెండు దినాలు ఎండలో వేస్తే పోతుంది. రాస్తే ఎవరు కొంటారు? నేను అల్లిందాన్ని విషం అంటావా?" అని వంటింట్లోకి పోయింది.

మాకు పార్సెల్ ఆఫీసు గుర్తుకు వచ్చింది. అక్కడ మేము ఎంచని సరుకుకు రసీదులో, లోపల ఇంత ఉన్నట్టు పంపినవాళ్ళు చెప్పినారు అనే అర్థం వచ్చేట్టు రాసేవాళ్ళము. మూట చినిగి ఉంటే అది కూడా రాయాల్సిందే. రాయలేదంటే నష్టం వచ్చినప్పుడు గుమాస్తా మెడకే. ఇక్కడ మూట కట్టింది మేమే, ఉండ వేసింది మేమే, లోపల ఏముందో మాకు తెలుసు. రాయమని చెప్పినాము. మా ఇంటావిడ ఆ పూట మాతో మాట్లాడలేదు.

కోడలు ఒక్క వరుస చేర్చింది: "స్వెట్టర్లూ ఉన్ని కుల్లాయీ కలరా ఉండల దగ్గర ఉన్నవి, ఉతికి గాలికి వేస్తా ఉండాము. వద్దనుకుంటే అవి వదిలి 27 తీసుకోండి, 750 ఇవ్వండి."

మూడో దినం ఒక అమ్మాయి తల్లిని వెంటబెట్టుకొని వచ్చింది. ఎనిమిదో నెల. పాయపై కూర్చుని 27 కూడా ఒక్కొక్కటిగా కిటికీ వైపు పట్టి చూసింది. స్వెట్టర్లు వద్దనింది. ఆమె అక్క బిడ్డకు పుట్టిన వారానికే కామెర్లు వచ్చి, పరీక్షలో ఆ జీ6పీడీ తక్కువని తేలిందంట. మా ఇంటావిడ వంటింటి గడప దగ్గర నిలబడి వింటా ఉండింది. కాఫీ తనే కలిపి తెచ్చింది. పోయేటప్పుడు ఆ అమ్మాయి చేతి కొలత అడిగింది, కొత్త ఉన్నితో అల్లి ఇస్తానని. బిడ్డ కొలత అడగాల్సింది తల్లి కొలత అడిగితే అందరమూ నవ్వినాము.

స్వెట్టర్లు ఇప్పటికి మూడుసార్లు ఉతికినాము, మిద్దె మీద తాడుకు వేలాడతా ఉన్నాయి. దగ్గర పెట్టుకుంటే ఇంకా కొంచెం వాసన ఉంది. ట్రంకు కడిగి, ఎండబెట్టిన వేపాకు వేసినాము.