ఉప్పు కలిపితే ఎక్కువ ఎందుకు కరిగింది? మా ల్యాబ్ లెక్క

డిగ్రీలో కెమిస్ట్రీ తీసుకున్నవాళ్ళకి ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే విషయం ఒకటి రాస్తున్నాం. కొంచెం పెద్ద పోస్టే, ఓపికగా చదవండి.

ప్రయోగం కాల్షియం అయోడేట్‌ది. ఈ తెల్లటి పొడి నీళ్ళలో కొంచెమే కరుగుతుంది. ఎంత కరిగిందో తెలుసుకోవడానికి పొడి ఎక్కువగా వేసి, 25 డిగ్రీల దగ్గర ఉంచి, మధ్య మధ్యలో కలుపుతూ చాలాసేపు వదిలేస్తాం. తర్వాత పొడి ఫిల్టర్ పేపర్‌తో వడకట్టి 10 మిల్లీలీటర్లు పిపెట్‌తో తీస్తాం. అందులో పొటాషియం అయోడైడ్, కొంచెం ఆమ్లం వేస్తే అయోడిన్ బయటికొచ్చి ద్రావణం గోధుమ రంగుకి తిరుగుతుంది. ఆ అయోడిన్‌ని 0.1 మోలార్ థయోసల్ఫేట్‌తో టైట్రేషన్ చేస్తాం. ఒక్క అయోడేట్‌కి ఆరు థయోసల్ఫేట్లు పడతాయి, Ca(IO₃)₂ లో రెండు అయోడేట్లు ఉన్నాయి కాబట్టి మొత్తం పన్నెండు. అందుకే కరిగింది కొంచెమే అయినా బ్యూరెట్‌లో తేడా బాగా కనిపిస్తుంది.

పుస్తకం వెనక పట్టికలో దీని సాల్యుబిలిటీ ప్రొడక్ట్ 7.1 × 10⁻⁷ అని ఉంటుంది. లీటరుకి s మోల్స్ కరిగితే కాల్షియం s, అయోడేట్ 2s. అంటే 4s³ = 7.1 × 10⁻⁷. దీన్నించి s = 0.0056 మోలార్. ఈ లెక్క ప్రకారం బ్యూరెట్ 6.7 మిల్లీలీటర్ల దగ్గర ఆగాలి.

ఆగలేదు. 9.4 దాకా పోయింది. అంటే s = 0.0078. రెండో ఫ్లాస్కులో మామూలు నీళ్ళ బదులు 0.1 మోలార్ పొటాషియం నైట్రేట్ ద్రావణం వాడాం. అందులో కాల్షియం లేదు, అయోడేట్ లేదు, కామన్ అయాన్ అన్న మాటే లేదు. చదువుకున్న ప్రకారం ఏ మార్పూ ఉండకూడదు. కానీ బ్యూరెట్ 12 దాకా వెళ్ళింది. s = 0.0100. లెక్కలో వచ్చినదానికి దాదాపు రెండింతలు.

ఇలాంటప్పుడు బెంచీ మీద ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. ‘6.7 వచ్చినట్టు రాసేయండి, రికార్డు పాసవుతుంది’ అని ఎవరో ఒకరు అంటారు. ఇంట్లో మనకంటే ముందు కాలేజీ గుమ్మం తొక్కినవాళ్ళు లేరు కదా, పుస్తకానికీ మన చేతికీ తేడా వస్తే తప్పు చేతిదే అని ముందే ఒప్పుకుంటాం. మేం మార్చలేదు. వచ్చిన రీడింగే రాసి, ఎందుకు వచ్చిందో వెతికాం.

ముందు చేతి వైపు చూసుకోవాలి. వడకట్టేటప్పుడు సన్నపొడి జారితే రీడింగ్ పెరుగుతుంది. కానీ అప్పుడు మూడుసార్లు చేస్తే మూడు రకాలుగా వస్తుంది, మాకు మూడుసార్లూ దాదాపు ఒకటే వచ్చింది. వేడి ఎక్కువైనా ఎక్కువ కరుగుతుంది, అయితే రెండు ఫ్లాస్కులూ ఒకే తొట్టిలో ఉన్నాయి. కాబట్టి రెండింటి మధ్య తేడా ఉప్పు వల్లే వచ్చింది.

కారణం ఏంటంటే, అయాన్లు ఒకదాన్నొకటి పట్టించుకోకుండా తిరగవు. రెండు ప్లస్ చార్జీలున్న కాల్షియం చుట్టూ, సగటున చూస్తే, మైనస్ అయాన్లు కొంచెం ఎక్కువ చేరతాయి. అయోడేట్ చుట్టూ ప్లస్ అయాన్లు చేరతాయి. ఈ గుంపు ఆ అయాన్ చార్జీని కొంత కప్పేస్తుంది. సంతలో చుట్టూ జనం ఉంటే, దూరంగా ఉన్న మన ఊరాయన కనిపించినా అడుగు సులువుగా పడదు కదా, అలాగ. కాల్షియానికీ అయోడేట్‌కీ మధ్య లాగుడు తగ్గుతుంది, మళ్ళీ కలిసి పొడిగా మారే ఊపు తగ్గుతుంది, అందుకే ఇంకొంచెం పొడి కరుగుతుంది. పొటాషియం, నైట్రేట్ ఇందులో చేసే పని గుంపుగా నిలబడటమే.

కాబట్టి గాఢత అంటే హాజరు పట్టీలో పేర్ల లెక్క లాంటిది. సమతాస్థితికి కావలసింది పనిలోకి దిగే బలం ఎంత అన్నది. దాన్ని యాక్టివిటీ అంటారు. గాఢతని γ అనే గుణకంతో గుణిస్తే అది వస్తుంది. ఇదే యాక్టివిటీ కోఎఫిషియంట్. అయితే పట్టీ పోలికని పూర్తిగా నమ్మొద్దు. వందలో కొన్ని అయాన్లు సెలవు పెట్టి, మిగతావి పని చేస్తాయని కాదు. ప్రతి అయానూ కొంచెం తక్కువ స్వేచ్ఛగా ఉంటుంది.

గుంపు ఎంత గట్టిదో చెప్పే కొలతే అయానిక్ స్ట్రెంత్. లూయిస్, రాండాల్ 1921లో ఇచ్చారు: I = ½ Σ c z². ప్రతి అయాన్ గాఢతనీ దాని చార్జీ వర్గంతో గుణించి, అన్నీ కూడి, సగం చేయాలి. 0.1 మోలార్ పొటాషియం నైట్రేట్‌కి I = 0.1. అదే 0.1 మోలార్ మెగ్నీషియం సల్ఫేట్‌కి 0.4. రెండు చార్జీల అయాన్ ఒక చార్జీ అయాన్ కంటే నాలుగింతలు లెక్కకొస్తుంది. 1923లో డీబై, హూకెల్ ఈ I నుంచి γ లెక్కగట్టే దారి చూపారు. దాన్ని కొంచెం సరిచేసిన రూపం మన ఉప్పుకి ఇలా ఉంటుంది, 2 అన్నది 2, 1 చార్జీల లబ్ధం:

log γ = −0.51 × 2 × √I / (1 + √I)

ఇప్పుడు అసలు సమీకరణం 4s³γ³ = 7.1 × 10⁻⁷. అంటే s = 0.0056 / γ. మామూలు నీళ్ళలో కూడా కరిగిన కాల్షియం అయోడేటే గుంపు కడుతుంది. దానికి I = 3s, అంటే 0.023. γ 0.73 వస్తుంది. 0.0056ని 0.73తో భాగిస్తే 0.0077. మా బ్యూరెట్ చెప్పింది 0.0078. రెండో ఫ్లాస్కులో I సుమారు 0.13, γ 0.54, s 0.0104. మాకు వచ్చింది 0.0100. పట్టికలో అంకె తప్పు కాదు, మా చెయ్యీ తప్పు కాదు. ఆ అంకె యాక్టివిటీలకి రాసింది, మేం మొదట అందులో గాఢతలు పెట్టాం.

ఈ సూత్రానికీ హద్దు ఉంది. I 0.1 దాటాక మెల్లగా తప్పుతుంది, మా రెండో ఫ్లాస్కులో ఆ చిన్న తేడా అందుకే వచ్చి ఉండొచ్చు. ఇంకా చిక్కటి ద్రావణాల్లో కథే తిరగబడుతుంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లానికి 0.1 దగ్గర γ 0.80, 0.5 దగ్గర 0.76 దాకా దిగుతుంది. ఆ తర్వాత పెరుగుతూ 2 దగ్గర 1కి వచ్చి, 4 దగ్గర 1.76 అవుతుంది. అక్కడ అయాన్లు నీటి అణువుల్లో చాలావాటిని తమ చుట్టూ పట్టేసుకుంటాయి. స్వేచ్ఛగా ఉన్న నీళ్ళు తగ్గి, అయాన్లు లెక్కకంటే ఎక్కువ బలంగా పని చేస్తాయి. అంటే ఉప్పు ఎక్కువైతే γ ఎప్పుడూ తగ్గుతుందని బట్టీ పట్టొద్దు.

ప్రాక్టికల్ ఉన్నవాళ్ళకి ఒక్కమాట. మీ సాల్యుబిలిటీ లెక్కకంటే ఎక్కువ వస్తే, రీడింగ్ దిద్దకముందు I ఎంతో వేసి చూడండి. చార్జీ 2 ఉన్న అయాన్ ఉంటే తప్పకుండా వేయండి. రికార్డులో వచ్చిన రీడింగ్ రాసి, కింద γ లెక్క పెట్టండి. వైవాలో ‘ఎందుకు ఎక్కువొచ్చింది?’ అని అడిగితే చెప్పడానికి మీ దగ్గర జవాబు ఉంటుంది. లెక్కలో ఎక్కడైనా ఆగిపోతే కామెంటులో ఫోటో పెట్టండి, కూర్చుని చేద్దాం.